ముసురు ఆకాశాన్ని మార్చడం ఎలా: గోదావరి రేవులో తీసిన ఒక ఫొటో కథ

మా స్టూడియోలో పని నేర్చుకుంటున్న అబ్బాయికి పోయిన ఏడాది ఒక ఫొటో అప్పగించాను. శ్రావణమాసంలో ఒక సాయంత్రం రాజమండ్రి పుష్కరాల రేవు మెట్ల మీద ఒక పెద్దాయన, ఆయన భార్య పక్కపక్కన నిలబడి ఉండగా మనవడు ఫోనుతో తీసిన ఫొటో అది. తీసిన కొన్ని నెలలకే పెద్దాయన పోయారు. సంవత్సరీకం నాటికి దాన్ని పన్నెండు బై పద్దెనిమిది సైజులో ఫ్రేము కట్టించాలని హైదరాబాద్‌లో ఉంటున్న కొడుకు ఫైలు పంపించి, ‘ఆకాశం మరీ బూడిదరంగులో ఉందండీ, నీలంగా చేసిపెట్టండి’ అన్నారు. పెళ్లి ఆల్బముల దగ్గర నుంచి గృహప్రవేశాల దాకా మేము రోజూ వినే మాటే కాబట్టి నేనూ ఇంకేమీ అడగలేదు.

ఆ ఒక్క ఫొటో మీద రెండుసార్లు జరిగిన పనిని వరుసగా చెబుతాను. మొదటిసారి అబ్బాయి చేసిన పనిలో పనితనం లోపమేమీ లేదు, అందువల్ల నీలి ఆకాశం కావాలనుకునేవారికి ఆ భాగం అలాగే పనికొస్తుంది. రెండోసారి ఎందుకు చేయవలసి వచ్చిందో, ఏం చేశామో ఆ తర్వాత వస్తుంది.

సూర్యుడు ఎక్కడున్నాడో ముందు తేల్చుకోవాలి

2020 చివర్లో వచ్చిన వెర్షన్ నుంచి ఫొటోషాప్‌లో Edit > Sky Replacement అనే సౌకర్యం ఉంది. అది ఆకాశం ఎక్కడిదాకా ఉందో తనే గుర్తుపట్టి, మనం ఎంచుకున్న ఆకాశాన్ని అక్కడ పెడుతుంది. దానితోపాటు Blue Skies, Spectacular, Sunsets అనే మూడు వర్గాల్లో కొన్ని ఆకాశాలు కూడా వస్తాయి. అబ్బాయి మొదటి వర్గంలోంచి తెల్లటి మబ్బులున్న ముదురు నీలం ఎంచుకుని నాలుగు నిమిషాల్లో పని ముగించి, “అయిపోయిందండీ గురువుగారూ” అన్నాడు. చూస్తే అట్టముక్క కత్తిరించి వెనక నిలబెట్టినట్టుంది. అలా ఎందుకుందో అతనికి తెలియలేదు.

“ఫొటో ఎన్నింటికి తీశారు? కెమెరా ఏ దిక్కు చూస్తోంది?” అని అడిగాను. ఫైలు వివరాల్లో సమయం 4:40 అని ఉంది. రాజమండ్రి గోదావరికి తూర్పు గట్టున ఉంది, ఎదురు గట్టున కొవ్వూరు ఉంది. రేవు మెట్ల మీద నదిని వెనక పెట్టుకుని నిలబడినవాళ్లను తీస్తే కెమెరా పడమర వైపే చూస్తుంది. ఆగస్టు సాయంత్రం 4:40కి, పొద్దుగుంకడానికి ఇంకా సుమారు రెండు గంటలుండగా, సూర్యుడు కూడా ఆ పడమటి ఆకాశంలోనే ఉంటాడు. అంటే ఆకాశం నిజంగా నిర్మలంగా ఉండి ఉంటే వెలుగు వాళ్ల వీపుల మీద పడేది, ముఖాలు నీడలో ఉండేవి, జుట్టు అంచులు మెరిసేవి, నీడలు మెట్ల మీద కెమెరా వైపు సాగేవి. ఈ ఫొటోలో మాత్రం ముఖాల మీద అన్ని వైపుల నుంచీ సమంగా వెలుతురు పడింది. ముసురు రోజున ఆకాశమంతా ఒకే పెద్ద దీపంగా పనిచేస్తుంది కాబట్టి అలా పడుతుంది.

అబ్బాయి ఎంచుకున్న మబ్బులకు ఎడమ పక్క తెల్లగా, కుడి పక్క బూడిదగా ఉంది. ఆ ఆకాశాన్ని తీసినప్పుడు సూర్యుడు ఎడమవైపు ఉన్నాడని ఆ మబ్బులే చెబుతున్నాయి. కింద మనుషుల మీద అటువంటి ఎండ జాడే లేదు. Flip నొక్కితే ఎడమ కుడి అవుతుంది తప్ప, లేని ఎండ మనుషుల మీదకు రాదు. ఇటువంటి ఫొటోకి గట్టి ఎండ కనిపించే ఆకాశం ఏదీ కుదరదు. పలచని మబ్బు తెర వెనక సూర్యుడు దాగి, మధ్యమధ్యలో లేత నీలం కనిపించే ఆకాశాన్ని వెతుక్కోవాలి. దానికింద మెత్తటి వెలుతురు ఉన్నా చూసేవారికి ఎబ్బెట్టుగా తోచదు.

మరో సంగతి మబ్బుల పరిమాణం. దిగంతం దగ్గరికి వెళ్లేకొద్దీ మబ్బులు చిన్నవిగా, దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. తల పైకెత్తి తీసిన ఆకాశాన్ని తెచ్చి పెడితే అవతలి గట్టు నెత్తినే కొండంత మబ్బు వచ్చి కూర్చుంటుంది. గట్టు కనిపించేలా తీసిన ఆకాశాన్నే వాడి, దాని దిగంతాన్ని మన ఫొటో దిగంతం మీదికి జరుపుకోవాలి.

అంచుల దగ్గర చేతిపని తప్పదు

ఆకాశం మారిందని పట్టిచ్చేవి ఎక్కువగా అంచులే. ఆ ఫొటోలో రెండు రకాల అంచులున్నాయి, రెండింటికీ మందు ఒకటి కాదు.

వెనక దూరంగా ఆర్చి వంతెన ఉంది. దాని వంపుల నుంచి కిందికి దిగిన సన్నటి కడ్డీల మధ్య మాస్క్ సరిగ్గా పడదు. అక్కడ ముసురు ఆకాశమే మనకు సాయం చేస్తుంది. కొత్త ఆకాశాన్ని వేరే లేయరుగా పెట్టి Multiply మోడ్‌లో ఉంచితే, కింద దాదాపు తెల్లగా ఉన్నచోట కొత్త ఆకాశం ఉన్నదున్నట్టు కనిపిస్తుంది, కింద ముదురుగా ఉన్నచోట ఆ ముదురే నిలుస్తుంది. తెల్ల కాగితం మీద పలచని రంగు పూస్తే కింద పెన్సిలు గీతలు చెరగకుండా కనిపించినట్టే అనుకోవచ్చు. కడ్డీలను ఒక్కొక్కటిగా కత్తిరించే పని ఉండదు. చెట్ల ఆకులకు, కరెంటు తీగలకు కూడా ఇదే పద్ధతి.

పెద్దాయన జుట్టు దగ్గర ఈ పద్ధతి ఎదురు తిరిగింది. ఆయనది పండిన జుట్టు, వెనక ఆకాశం కూడా దాదాపు అదే తెలుపు. Multiply పెట్టగానే జుట్టు నీలంగా మారింది. మాస్క్ మీద వదిలేస్తే జుట్టు చుట్టూ పాత ఆకాశపు తెల్లటి గీత మిగిలింది. Shift Edge, Fade Edge ఎంత జరిపినా ఒకటి తగ్గితే మరొకటి పెరిగింది. అబ్బాయి చివరికి తల చుట్టూ మాస్క్‌ని కొద్దిగా లోపలికి తెచ్చుకుని, మూడు పిక్సెళ్ల బ్రష్‌తో పదిహేను ఇరవై వెంట్రుకలను చేత్తో గీశాడు. గంట పట్టింది. తెల్ల జుట్టు, తెల్ల ఆకాశం కలిసినచోట ఇంతకన్నా దగ్గరి దారి నాకు తెలియదు.

అంచులు కుదిరాయో లేదో మామూలు వెలుగులో తెలియదు. అన్నింటికన్నా పైన తాత్కాలికంగా ఒక Curves లేయరు పెట్టి ఫొటో మొత్తాన్ని బాగా చీకటిగా, తర్వాత బాగా వెలుగుగా చేసి చూడాలి. మిగిలిపోయిన తెల్ల గీతలు మొదటి చూపులోనూ, మాస్క్‌లో పడిన చిల్లులు రెండో చూపులోనూ బయటపడతాయి. చూసుకున్నాక ఆ లేయరు తీసేయవచ్చు.

ఆకాశం మారాక నేలను మార్చడం

ఇది చాలామంది వదిలేసే భాగం. పూర్వం ఫిలిం డబ్బాల మీద ఎక్స్‌పోజర్ పట్టిక ఉండేది. దాని ప్రకారం నిండు ఎండకు ఎఫ్ 16 అయితే నీడలు పడని మబ్బుకు ఎఫ్ 8, దట్టమైన ముసురుకు ఎఫ్ 5.6. ఆ అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువగా తెరుచుకుని ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. అంటే ముసురు రోజున నేల మీద పడే వెలుతురు ఎండలో పడే దానిలో నాలుగో వంతు నుంచి ఎనిమిదో వంతు దాకా మాత్రమే ఉంటుంది. కానీ ఆ రోజున నేలతో పోలిస్తే ఆకాశమే ఎక్కువ వెలుగుగా ఉంటుంది. ఎండ రోజున తెల్లచొక్కా నీలాకాశం కన్నా వెలుగుగా ఉంటుంది. ఈ తారుమారు గమనించకుండా నీలాకాశం కింద నేలను పాత మసకలోనే వదిలేస్తే, చూసేవారికి అది గాలివాన ముందటి చీకటిలా తోస్తుంది.

అందుకని అబ్బాయి నేలకు వెలుగు పెంచాడు. ముసురు వెలుతురులో కొద్దిగా నీలం కలిసి ఉంటుంది కాబట్టి రంగును కాస్త పసుపు వైపు జరిపాడు. గడ్డాల కింద, కాళ్ల దగ్గర నీడలు ముదురు చేశాడు. తడి మెట్ల మీద ఆకాశం ప్రతిఫలిస్తుంది కనుక అక్కడక్కడ లేత నీలం అద్దాడు. నీటి జోలికి పెద్దగా పోలేదు, అది సరైన నిర్ణయమే. శ్రావణంలో గోదావరి ఎర్రగా బురదగా ఉంటుంది కనుక ఎండలోనైనా దాని మీద నీలం పలచగానే కనిపిస్తుంది. అవతలి గట్టు మీద వాన తెర ఉంది. నీలాకాశం కింద అది పొగలా కనిపించడంతో Dehaze పెంచి కొవ్వూరు వైపు చెట్లను తేటగా చేశాడు.

అన్నీ చేశాక చొక్కా మీద ఒకటి మిగిలింది. పెద్దాయన వేసుకున్నది తెల్ల నూలు చొక్కా. కుడి భుజం మీద నుంచి మోచేతి దాకా ఒక ముదురు మరక ఉంది. పాత ఆకాశం కింద అది కంటికి ఆనలేదు. నేలను వెలిగించాక మట్టి అంటినట్టు, ఫ్రేము కట్టే ఫొటోకి అప్రతిష్ఠగా కనిపించింది. “ఈ మరక తీసేయమంటారా?” అని అడిగాడు. నేను వేరే పనిలో ఉండి తల ఊపాను. పది నిమిషాలు Healing Brush తో కూర్చుని చొక్కాను ఉతికి ఇస్త్రీ చేసినట్టు చేశాడు. ప్రింటు వచ్చాక ఇద్దరం దూరంగా పెట్టి చూశాం. ఆకాశం మార్చినదని పసిగట్టడం మా వృత్తిలోని వాళ్లకైనా కష్టమే.

మామ్మగారు అడిగిన మాట

ప్రింటు తీసుకోవడానికి మామ్మగారే వచ్చారు, మనవడు వెంట ఉన్నాడు. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

“బాగుంది బాబూ. ఇది ఏనాటిది?”

“రేవులో నేను తీసిందే కదా మామ్మా” అన్నాడు మనవడు.

“ఆ రోజు ముసురు కదరా. ఒక్క గొడుగుతో వెళ్లాం. వద్దంటే వినకుండా గొడుగంతా నా మీదకే పట్టారు, ఆయన చొక్కా ఇటువైపంతా తడిసి ముద్దయిపోయింది.” వేలు చొక్కా కుడి భుజం మీద పెట్టారు. “ఇందులో పొడిగా ఉన్నారు.”

అబ్బాయి ముఖం పాలిపోయింది. మామ్మగారికి కోపమేమీ లేదు. కొంచెం ఆగి, “ఎండలో వీళ్లిద్దరూ ఇంత ఆనుకుని ఎందుకు నిలబడ్డారో అనుకుంటారు చూసినవాళ్లు” అని నవ్వారు. ఫొటో మళ్లీ చేసి ఇస్తామని చెప్పి పంపించాను.

ఆ సాయంత్రం అబ్బాయి, కంప్యూటర్లు రాకుండా ఉంటే ఇటువంటి తప్పులు జరిగేవి కావని అన్నాడు. అది నిజం కాదు. 1856-57 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే సముద్రపు ఫొటోలను రెండు నెగెటివ్‌లతో ముద్రించాడు. అప్పటి ప్లేట్లకు నీలిరంగు మరీ ఎక్కువగా పట్టేది కనుక సముద్రానికి సరిపోయేలా తీస్తే ఆకాశం తెల్లగా మాడిపోయేది. అందువల్ల సముద్రాన్ని ఒక నెగెటివ్ మీద, మబ్బులను మరో దాని మీద తీసి కలిపేవాడు. ఒకే మబ్బుల నెగెటివ్‌ని వేర్వేరు సముద్రాల మీద కూడా వాడాడు. మన పాత స్టూడియోల్లో తెరల మీద రంగులతో వేసిన మబ్బులూ ఉండేవి, కానీ అవి తెర మబ్బులని అందరికీ తెలుసు, ఎవరూ వాటిని ఆ రోజు వాతావరణం అనుకోలేదు.

“మామ్మగారికి గుర్తుంది కదండీ, ఫొటో మారినంత మాత్రాన ఏమవుతుంది?” అని కూడా అడిగాడు. ఆవిడకు గుర్తుంది, కానీ గోడ మీద ఆ ఫొటోను ముప్పై ఏళ్లు చూడబోయేది మనవలు. 2002లో న్యూజిలాండ్‌లో జరిగిన ఒక పరిశోధనలో ఇరవైమంది పెద్దవాళ్లకు, వాళ్లు చిన్నప్పుడు వేడిగాలి బెలూన్ ఎక్కినట్టు కల్పించిన ఫొటోను అసలైన ఫొటోల మధ్య పెట్టి పలుమార్లు చూపించారు. ఎన్నడూ జరగని ఆ ప్రయాణం సగంమందికి ఎంతోకొంత గుర్తుకొచ్చింది. ఆకాశం మార్చడం అంత పెద్ద కల్పన కాదు, నిజమే. కానీ ముసురులో తాత ఏం చేశాడన్నది ఆ ఇంట్లో కథగా మిగలాలంటే దాన్ని చూపించే ఫొటో అదొక్కటే.

మొదట చేయవలసిన పని

ఇది చివర చెబుతున్నా, ఫొటోషాప్ తెరవకముందే చేయాలి. ఫొటోను చిన్న సైజులో ప్రింటు తీసి, ఆకాశం ఉన్న భాగాన్ని తెల్ల కాగితంతో కప్పేయాలి. ఆకాశం కనిపించకుండానే ఆ రోజు వాతావరణం ఏమిటో చెబుతున్న వాటిని కాగితం మీద రాసుకోవాలి. ఆ తర్వాత ఒక్కొక్కదాన్నీ పట్టుకుని, ఆకాశం నీలమైతే ఇది ఏమవుతుంది అని అడగాలి.

మా ఫొటోతో అబ్బాయి చేత ఆ పని చేయించాను. ఎర్రనీరు ఎండలోనైనా ఎర్రగానే ఉంటుంది, దాని అర్థం మారదు. మెట్ల తడి కూడా అంతే, స్నానాల రేవులో మెట్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. పెద్దాయన చేతిలో ముడిచిన గొడుగు నీలాకాశం కింద ఎండ గొడుగు అయిపోతుంది. మామ్మగారు తల మీదుగా కప్పుకున్న కొంగు ఎండకు కప్పుకున్నదనిపిస్తుంది. ఈ రెండూ మిగులుతాయి కానీ వాటి మాట మారిపోతుంది. ఇద్దరూ అంత దగ్గరగా నిలబడటానికి కారణం లేకుండా పోతుంది, లేదా ఫొటో కోసం నిలబడినట్టు కనిపిస్తుంది. భుజం మీది తడి మరకగా మారి, తీసేయాలనిపిస్తుంది.

అబ్బాయి ఈ జాబితా రాసి చాలాసేపు చూశాడు. తాను చొక్కాను శుభ్రం చేసింది చూపు లోపం వల్ల కాదని అతనికి అప్పుడు తెలిసింది. ఆకాశం నీలం చేశాక ఆ తడికి ఫొటోలో చోటు లేకుండా పోయింది కాబట్టి చెయ్యి దానంతటదే అటు వెళ్లింది. నేను తల ఊపిందీ అందుకే.

ఈ జాబితాలో అర్థం మారనివే ఉంటే నిశ్చింతగా ఆకాశం మార్చవచ్చు. కొత్త ఇంటి ముందు తీసిన ఫొటోలు చాలావరకు ఇలాంటివే. మనుషుల భంగిమకూ, చేతిలోని వస్తువుకూ, బట్టల స్థితికీ ఆ వాతావరణమే కారణమైతే మాత్రం ఆగి, ఫొటో ఎవరి కోసమో వాళ్లను అడగాలి.

నేను కొడుకుకి ఫోను చేశాను. మామ్మగారి మాట చెప్పి, ఆకాశంలో ఆయనకు నచ్చనిదేమిటని అడిగాను. “ఆకాశం అని కాదండీ, నాన్నగారి ముఖం సరిగ్గా కనపడటం లేదు” అన్నారు. ఇది మా వృత్తిలో తరచూ జరిగేదే. ముసురులో ఫోను కెమెరా తెల్లటి ఆకాశాన్ని చూసి వెలుతురు తగ్గించుకోవడంతో ముఖాలు మసకబారతాయి. చూసేవారికి ఫొటో నీరసంగా ఉందని తెలుస్తుంది, కారణం ఆకాశమేనని నోటికి వస్తుంది. ఈ ప్రశ్న ముందే అడిగి ఉంటే గంటసేపు వెంట్రుకలు గీసే పని తప్పేది.

ముసురును ముసురుగానే బాగుచేయడం

రెండోసారి అబ్బాయి అసలు ఫైలు నుంచి మొదలుపెట్టాడు. మొదట ఆకాశంలో ఏమైనా మిగిలి ఉందా అని చూశాడు. Info ప్యానెల్ తెరిచి ఆకాశం మీద అక్కడక్కడ కర్సర్ పెడితే అంకెలు కనిపిస్తాయి. అన్నిచోట్లా 255 వస్తే అక్కడ మబ్బు లేదు, ఉత్త తెలుపే. మా ఫొటోలో 228 నుంచి 240 మధ్య వచ్చాయి. అంటే కంటికి ఒకే ముద్దలా ఉన్నా మబ్బుల ఆకారం అందులో దాగి ఉంది.

దాన్ని బయటికి తేవడానికి Select > Sky తో ఆకాశాన్ని ఎంచుకుని, ఆ మాస్క్‌తో ఒక Curves లేయరు పెట్టి 228 ఉన్నచోటును సుమారు 190కి దించి, 240ని 225 దగ్గర ఉంచాడు. మబ్బుల కింది పొరలు, మధ్యలో వెలుతురు చొరబడిన ఒక చీలిక కనిపించాయి. ఇక్కడ రెండు చిక్కులు వస్తాయి. ఫోను ఫైలు జేపెగ్ కనుక ఇంత చిన్న తేడాను సాగదీస్తే ఆకాశంలో మెట్లు మెట్లుగా చారలు పడతాయి. పని మొదట్లోనే ఫైలును 16 బిట్‌కి మార్చుకుని, చివర్లో ఆకాశం మీద రెండు శాతం లోపు నాయిస్ చల్లితే ప్రింటులో ఆ చారలు కలిసిపోతాయి. రెండోది, మబ్బులు బాగా వస్తున్నాయని ఇంకా ఇంకా లాగితే ముసురు కాస్తా తుఫాను అవుతుంది. తుఫానులో ఎవరూ రేవుకి వెళ్లరు కనుక అదీ ఒక అబద్ధమే. కాస్త తక్కువైందనిపించిన చోట ఆపడం మంచిది.

అలవాటుగా జరిగే మరో పొరపాటు కూడా అబ్బాయి చేయబోయాడు. ఆకాశానికి లోతు రావాలని పై భాగాన్ని ముదురు చేసి, కింద తేలికగా వదిలాడు. నిర్మలమైన ఆకాశం అలాగే ఉంటుంది, నడినెత్తిన ముదురు నీలం, దిగంతం దగ్గర తెలుపు. పూర్తిగా మబ్బు కమ్మిన ఆకాశం దీనికి తిరగబడి ఉంటుంది. అంతర్జాతీయంగా వెలుతురు లెక్కలకు వాడే నమూనాలో అటువంటి ఆకాశంలో నడినెత్తిన ఉన్న వెలుగు దిగంతం దగ్గరి వెలుగుకి మూడు రెట్లు ఉంటుంది. పైన ముదురు పెడితే నీలాకాశం రంగు పోగొట్టుకున్నట్టుంటుంది తప్ప ముసురులా ఉండదు. ఆ గ్రేడియంట్ తీసేయించాను.

తర్వాత ముఖాలు. వేరే లేయరులో మెత్తటి బ్రష్‌తో ఇద్దరి ముఖాలకూ, చేతులకూ వెలుగు అర స్టాపు కన్నా కొంచెం ఎక్కువ పెంచాడు. పెంచినది ముఖం దగ్గరే ఆగిపోతే దీపం పట్టినట్టుంటుంది కనుక మెడ, భుజాల దాకా పలచగా పాకించాడు. పెద్దాయన ఎడమ భుజం పొడిగా తెల్లగా, కుడి భుజం తడిసి ముదురుగా కనిపించడం మొదలైంది. వాన తెర వెనక కొవ్వూరు గట్టును అలాగే వదిలేశాడు.

ఆకాశం నిజంగా 255కి మాడిపోయి ఉంటే ఈ దారి లేదు, ముసురుకి ముసురునే తెచ్చి పెట్టాలి. అందుకోసం అబ్బాయి ఇప్పుడు వానాకాలమంతా రేవుకి వెళ్లి ఆకాశాలు తీసి దాచుకుంటున్నాడు. నెల, సమయం, కెమెరా చూసిన దిక్కు ఫైలు పేరులోనే రాస్తాడు, `08_1640_W` లాగా. అదే ఊరి, అదే నెల, అదే దిక్కు ఆకాశమైతే పైన చెప్పిన చిక్కులు సగం ముందే తీరిపోతాయి. అలా మార్చి ఇచ్చిన ప్రతి ప్రింటు వెనక ‘ఆకాశం మార్చినది’ అని పెన్సిలుతో రాస్తున్నాం, అసలు ఫైలును కూడా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తున్నాం.

ప్రింటు గురించి ఒక్క మాట. నీలంలో కొద్ది తేడా వస్తే ఎవరికీ తెలియదు, బూడిదరంగులో వస్తే అందరికీ తెలుస్తుంది, ఆకాశమంతా గులాబీగానో పచ్చగానో కనిపిస్తుంది. ఆకాశం ముక్కను చిన్న సైజులో ముందు ప్రింటు తీసుకుని ట్యూబులైటు కింద కాకుండా పగటి వెలుతురులో చూడాలి. నిగనిగలాడే కాగితం కన్నా మ్యాట్ కాగితం ముసురుకి నప్పుతుంది.

రెండో ప్రింటుకీ మామ్మగారే వచ్చారు. ఈసారి ఆకాశం గురించి ఏమీ అనలేదు. చూపు నేరుగా భుజం మీదికే వెళ్లింది.

“ఇంతకన్నా ఎక్కువే తడిసింది బాబూ. ఇక్కడిదాకా” అని వేలు మోచెయ్యి దాటి మణికట్టు దాకా తీసుకెళ్లారు. “కాస్త ముదురు చేయగలవా?”

అబ్బాయి నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు. కంప్యూటర్లో అసలు ఫైలు తెరిచి, మోచేతి దగ్గర పెద్దది చేసి ఆవిడకు చూపించాడు.

“ఫొటోలో ఇక్కడిదాకే ఉందండీ మామ్మగారూ.”

“అవునా” అని ఆవిడ దగ్గరికి వంగి చూశారు. “సరే, అలాగే ఉండనీ” అని ప్రింటు సంచిలో పెట్టించుకున్నారు.